మూడింటికి మెలకువ రావడం కాదు, నిద్రలో తన్నడం అసలు సంగతి

మిర్యాలగూడ దగ్గరి ఒక ఊళ్లో అరవై ఏడేళ్ల రైతుకు నిద్ర మాత్ర వేయాలా వద్దా అన్న తగాదా ఇంట్లో మళ్లీ మొదలైంది. తండ్రి తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నాడని కొడుకు కంగారు. తల్లి బాధ వేరు: "లేచి కూర్చుంటే నాకేం? పడుకున్నప్పుడే కొడుతున్నాడు."

కొడుకు కంగారుకు జవాబు లెక్కలోనే ఉంది. ఎనిమిదికి పడుకుని మూడింటికి లేస్తే ఏడు గంటల నిద్ర. వయసు పెరిగేకొద్దీ మెదడులోని గడియారం ముందుకు జరుగుతుంది, పెందలాడే నిద్ర ముంచుకొస్తుంది, తెలివీ పెందలాడే వస్తుంది. గాఢనిద్ర తగ్గడంతో చిన్న చప్పుడుకే మెలకువ వస్తుంది. పగలు చురుగ్గా ఉన్న మనిషికి దీనికి మాత్ర అక్కరలేదు. పైగా ఆ మత్తులో మూత్రానికి లేచి తూలిపడితే తుంటి ఎముక విరగవచ్చు.

తల్లి చెప్పేది వినాలి. రెండేళ్లుగా రాత్రి చివరి జాముల్లో ఆయన కేకలు వేస్తూ చేతులు విసురుతున్నాడు. ఒకసారి ఆమె చెయ్యి అడ్డం పెడితే గాజులు పగిలి మణికట్టు తెగింది. తట్టి లేపగానే తేరుకుని, వేరుశనగ చేలో అడవిపందులు పడ్డాయని, తరుముతున్నానని కల మొత్తం చెప్పాడు. చుట్టుపక్కల వాళ్లు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు.

దీన్ని ఒక జబ్బుగా గుర్తించింది 1986లో. అమెరికాలోని మినియాపొలిస్‌లో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ అనే వైద్యులు కలలో చేసే పనిని ఒంటితో చేస్తున్న మనుషులను పరీక్షించారు. వాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లిన మగవాళ్లే. కలలు వచ్చే నిద్రలో మెదడు కాండం కండరాలను కట్టేసి ఉంచుతుంది. వీళ్లలో ఆ కట్టు సడలింది. షెంక్ బృందం 1996లో చెప్పినది ఇంకా ముఖ్యం: అలా గమనిస్తూ వచ్చిన 29 మంది పెద్ద వయసు మగవాళ్లలో 11 మందికి తర్వాత పార్కిన్సన్ తరహా జబ్బు కనిపించింది. 2013 నాటికి, వివరాలు దొరికిన 26 మందిలో 21 మందికి పార్కిన్సన్ లేదా మతిమరుపు జబ్బు వచ్చింది. అంటే వణుకు రాకముందే, ఏళ్ల తరబడి ముందు, జబ్బు నిద్రలో కనిపించవచ్చు.

అందరికీ అలాగే అవుతుందని కాదు. కుంగుబాటుకు వాడే కొన్ని మందుల వల్లా, గురకలో ఊపిరి ఆగి ఎగశ్వాసతో ఉలిక్కిపడే జబ్బు వల్లా నిద్రలో ఇలాంటి కదలికలే రావచ్చు. ఈ గురక జబ్బును కూడా వయసుతో మామూలుగా వచ్చేదే అని వదిలేయకూడదు. ఏది ఏదో తేలాలంటే రాత్రంతా వీడియో తీస్తూ చేసే నిద్ర పరీక్ష కావాలి.

తాలింపు మాడినా ఆయనకు వాసన తెలియడం లేదని, మలబద్ధకం కూడా ఉందని తల్లి గుర్తు చేసుకుంది. ఈ రెండూ పార్కిన్సన్‌కు ముందు గుర్తులు కావచ్చు, నరాల వైద్యుడికి చెప్పాల్సినవే. అప్పటిదాకా ఆమె మంచం పక్కన ఆనించి ఉన్న గడ్డపార తీసేసింది, ఆయన పరుపు నేల మీద వేసి, తను గోడ అవతల పడుకుంటోంది.