గోడను ఎంత ఎత్తులో కోయాలి? ఐసోమెట్రిక్ ఇంటి చిత్రాలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇంటి 3డి మోడల్‌ను దూరం నుంచి జూమ్ చేసి చూపితే ఆ చిత్రం ఐసోమెట్రిక్ అవుతుంది.

వాస్తవం: ఎంత దూరం జరిగినా పర్‌స్పెక్టివ్ కెమెరాలో సమాంతర రేఖలు కొద్దిగానైనా దగ్గరవుతాయి. కెమెరాను సమాంతర రేఖలను సమాంతరంగానే చూపే ఆర్థోగ్రాఫిక్ పద్ధతికి మార్చి, గోడలకు 45 డిగ్రీల కోణంలో నిలిపి, నేలకు 35.26 డిగ్రీల ఎత్తు నుంచి చూపినప్పుడే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకే కొలతలో కనిపిస్తాయి.

అపోహ: ముందువైపు గోడలను సగానికి కోస్తే గది మొత్తం కనిపిస్తుంది.

వాస్తవం: చిన్న ఫ్లాట్ల చిత్రాలు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. ఈ కోణంలో చూపు ఒక మీటరు కిందికి దిగేసరికి నేల మీద రెండు దిశల్లోనూ ఒక్కో మీటరు ముందుకు సాగుతుంది కాబట్టి, ముందు గోడ ఎంత ఎత్తు ఉంటే దాని వెనుక అంతే వెడల్పున నేల మరుగున పడుతుంది. ఉదాహరణకు 3 మీటర్లు, 3.6 మీటర్లు కొలతలున్న పడకగదిని తీసుకుందాం. దాని రెండు ముందు గోడలనూ 1.2 మీటర్ల వద్ద కోస్తే, 10.8 చదరపు మీటర్ల నేలలో కనిపించేది 4.32 మాత్రమే. 0.3 మీటర్ల వద్ద కోస్తే 8.91 కనిపిస్తుంది. మంచం అర మీటరు ఎత్తు ఉంటే, 1.2 మీటర్ల గోడ వెనుక దాని పైభాగంలో 0.7 మీటరు వరకే మరుగవుతుంది. అందుకే ఫర్నిచర్ కనిపిస్తున్నా గది ఇరుకుగా అనిపిస్తుంది. గదుల మధ్య గోడలకూ ఇదే లెక్క వర్తిస్తుంది కనుక, వెనుక గదికి అడ్డొచ్చే ప్రతి గోడనూ ఇలాగే చూసుకోవాలి. వెనుకవైపున్న రెండు గోడలను మాత్రం పూర్తి ఎత్తులో ఉంచడమే నాకు సరైనదనిపిస్తుంది, ఎందుకంటే కిటికీలూ అల్మరాలూ వాటి మీదే కనిపిస్తాయి.

అపోహ: గోడ మందం అలంకారమే, పలుచని పలక చాలు.

వాస్తవం: మందం లేని పలకతో తలుపు, కిటికీల లోపలి అంచులు ఉండవు, రెండు పలకలు కలిసే మూలల్లో వెలుతురు కారిన చారలు కూడా పడవచ్చు. బయటి గోడను లోపలి గోడ కంటే మందంగా గీసి, కోసిన పైముఖానికి గోడ రంగు కాకుండా వేరే ముదురు రంగు వేస్తే, గదుల అమరిక ఒక్క చూపులో అర్థమవుతుంది.

అపోహ: మృదువైన వెలుతురు అంటే అన్ని వైపులా ఒకే వెలుగు.

వాస్తవం: అన్ని ముఖాలూ ఒకే వెలుగులో ఉంటే గోడల మూల అంచు మాయమై, తెల్లటి సోఫా తెల్లటి గోడలో కలిసిపోతుంది. నేల అన్నింటికంటే వెలుగుగా, ఒక వైపు గోడలు మధ్యస్థంగా, మరో వైపు గోడలు కొంచెం ముదురుగా ఉండేలా మూడు ఛాయలు నిలుపుకోవాలి. బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో సూర్యబింబం ఎంత వెడల్పుగా ఉందో చెప్పే కోణం మొదట అర డిగ్రీ దగ్గర ఉంటుంది. దాన్ని 20 డిగ్రీల వరకు పెంచితే నీడల అంచులు కరిగిపోతాయి గానీ, కుర్చీ కాళ్లు నేలను తాకే చోట చిన్న ముదురు మచ్చ మిగులుతుంది. చిత్రాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చి చూసినప్పుడు ఆ మచ్చ గానీ, గోడల మూల అంచు గానీ కనిపించకపోతే, చుట్టూ పరచిన సమవెలుగును తగ్గించాలి.