దోమతెర సమాచారం ఎవరికి ఎంత అందింది? ప్రచారంపై కొన్ని అపోహలు, వాస్తవాలు

మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో ఇళ్లలో మాట్లాడేది ఎక్కువగా తెలుగే అయినా, బడిలో చదువు, ప్రభుత్వ కరపత్రం మరాఠీలో ఉంటాయి. ఆ పల్లెల్లో మలేరియా ప్రచారంలో పనిచేసినప్పుడు నేను తరచుగా విన్న అపోహలను ఇక్కడ చెబుతున్నాను.

అపోహ: ఊరందరికీ ఒకే సమాచారం ఇస్తే, తెలిసినవారికీ తెలియనివారికీ మధ్య దూరం తగ్గుతుంది.

వాస్తవం: 1970లో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన టిచెనార్, డొనొహ్యూ, ఓలియన్ దీనికి భిన్నమైన ప్రతిపాదన చేశారు. సమాజంలోకి వచ్చే సమాచారం పెరిగేకొద్దీ చదువు, ఆర్థిక స్థాయి ఎక్కువ ఉన్నవారు దానిని వేగంగా గ్రహిస్తారని, అందువల్ల అంతరం పెరిగే అవకాశమే ఎక్కువని వారు అన్నారు. చదువు లేనివారికి ఏమీ తెలియకుండా పోతుందని దీని అర్థం కాదు. వారికీ తెలుస్తుంది, కానీ నెమ్మదిగా తెలుస్తుంది.

రసాయనం పట్టించిన దోమతెరనే తీసుకుందాం. దానిని ఎండలో ఆరవేస్తే రసాయనం త్వరగా పోతుంది కనుక నీడలో ఆరవేయాలి. ఈ విషయం ప్రచారానికి ముందు చదువుకున్న వందమందిలో 40 మందికి, చదువులేని వందమందిలో 20 మందికి తెలుసనీ, తర్వాత ఆ సంఖ్యలు 80, 36 అయ్యాయనీ అనుకుందాం. సగటు 30 నుంచి 58కి పెరిగింది కాబట్టి నివేదికలో విజయమనే రాస్తారు, కానీ అంతరం 20 నుంచి 44కు చేరింది. సగటు ఒక్కటే చూసేవారికి ఇది కనబడదు.

అపోహ: చదువులేనివారికి ఆసక్తి లేకపోవడమే దీనికి కారణం.

వాస్తవం: ఆసక్తికీ పాత్ర ఉంది, కానీ కారణాలను అక్కడితో ఆపకూడదు. మరాఠీ కరపత్రం చదవగలిగినవాడు దానిని ఇంట్లో దాచుకుని మళ్లీ చూసుకుంటాడు. దోమకూ జ్వరానికీ ఉన్న సంబంధం అతనికి బడిలోనే తెలుసు కనుక కొత్త మాట పాతదానికి అతుక్కుంటుంది. సందేహం వస్తే అడగడానికి తెలిసినవారూ ఉంటారు. చదువులేని ఆమె సంతలో మైకు మాట ఒక్కసారి వింటుంది, అదీ బేరాల మధ్యలో. ఒక ఇంటి వాకిట్లో మంచి ఎండలో తెర ఆరవేసి ఉండగా, దండెం పక్కనే గోడకు మా కరపత్రం అంటించి ఉండడం నేను చూశాను. ఆ ఇంట్లో దానిని చదవగలిగిన పిల్లవాడు హాస్టల్లో ఉన్నాడు.

అపోహ: సర్వేలో అంతరం కనబడకపోతే అది లేనట్టే.

వాస్తవం: “తెర కట్టుకోవాలా?” అని అడిగితే అందరూ అవుననే అంటారు, ప్రశ్న మరీ తేలికైతే రెండు వర్గాల్లోనూ దాదాపు అందరూ సరిగ్గానే చెబుతారు, తేడా మాయమవుతుంది. “ఎక్కడ ఆరవేస్తారు, ఎందుకు?” అని అడగాలి, జవాబులను చదువును బట్టి విడివిడిగా లెక్కించాలి. నిజంగా అంతరం తగ్గే సందర్భాలూ లేకపోలేదు: తెలిసినవారికి నేర్చుకోవడానికి కొత్తగా ఏమీ మిగలనప్పుడు, లేదా విషయం ఊరంతటినీ తాకి రచ్చబండ మీద చర్చకు వచ్చినప్పుడు మిగతావారు అందుకుంటారు. అందుకే కరపత్రాల సంఖ్య పెంచడం కన్నా, ఆశా కార్యకర్త తెలుగులో మాట్లాడుతూ తెరను స్వయంగా నీడలో ఆరవేసి చూపడానికే నేను ముందు డబ్బు కేటాయిస్తాను, అదీ బడికి వెళ్లనివారి ఇళ్లతో మొదలుపెట్టి.