తెల్లని ధమనిలో బూడిదరంగు చుక్క

పాకాల వైపు పల్లె నుంచి 52 ఏళ్ల ఒకామెను ఆయాసంతో తిరుపతికి తీసుకొచ్చారు. ఆరు వారాల క్రితం ఆవుల కొట్టంలో కాలు జారి పడి, ఎడమ చీలమండ ఎముక విరిగి, సిమెంటు కట్టుతో మంచం మీదే ఉన్నారు. కట్టు విప్పిన నాలుగో రోజు ఆయాసం మొదలైంది. ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడల్లా కుడి పక్కటెముకల కింద కత్తితో పొడిచినట్టు నొప్పి. "మంచం మీంచి లేస్తేనే దమ్ము వస్తావుంది సార్" అన్నారు. నాడి నిమిషానికి 116, రక్తంలో ఆక్సిజన్ 91 శాతం, ఎడమ పిక్క కుడిదాని కంటే లావుగా, తాకితే నొప్పిగా ఉంది. ఛాతీ ఎక్స్‌రే మాత్రం దాదాపు మామూలుగానే ఉంది.

ఇంత ఆయాసం ఉన్నా ఎక్స్‌రే శుభ్రంగా ఉందంటే అనుమానం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. కదలిక లేని కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊడి, గుండె కుడి గదుల గుండా వెళ్లి, ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కుపోవడాన్నే పల్మనరీ ఎంబాలిజం అంటారు. అనుమానం తక్కువగా ఉన్నవారిలో డీ-డైమర్ రక్తపరీక్ష మామూలుగా వస్తే స్కాన్ లేకుండానే ఈ జబ్బు లేదని తేల్చవచ్చు. ఈమె విషయంలో అనుమానం బలంగా ఉన్నందున ఆ పరీక్షతో పొద్దుపుచ్చకుండా, మూత్రపిండాల పనితీరు చూసుకుని నేరుగా సీటీ యాంజియోగ్రామ్‌కు పంపారు.

ఈ స్కాన్ వెనుక ఉన్న ఆలోచన సులువైనదే. అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందును మోచేతి మడతలోని సిరలోకి వేగంగా ఎక్కిస్తే, అది ఊపిరితిత్తుల ధమనుల్లోకి చేరిన ఆ కొద్ది సెకన్లలో రక్తం తెరమీద తెల్లగా వెలుగుతుంది. గడ్డలోకి మందు ఇంకదు కాబట్టి అది ఉన్నచోట ఆ తెలుపులో బూడిదరంగు ఖాళీ మిగులుతుంది. దీన్నే ఫిల్లింగ్ డిఫెక్ట్ అంటాం. సీటీని రూపొందించిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరు మీదుగా ఉన్న కొలతలో నీటి విలువ 0. మందు కలవని రక్తం 40 దగ్గర, గడ్డ సుమారుగా 50 దగ్గర ఉంటాయి. మందు బాగా చేరిన ధమని 250 దాటాలి. ఈ తేడాయే మాకు ఆధారం. అది చాలినంత లేకపోతే తెరమీద కనిపించే ఏ నల్లదనాన్నీ నమ్మడానికి వీలుండదు.

ఆమెకు 60 మిల్లీలీటర్ల మందును సెకనుకు 4 మిల్లీలీటర్ల చొప్పున ఎక్కించారు. అంటే మొత్తం ఎక్కడానికి పట్టేది 15 సెకన్లు. ఊపిరితిత్తుల ప్రధాన ధమనిలో విలువ 100 దాటగానే యంత్రం సిద్ధమైంది. "ఊపిరి బాగా పీల్చి బిగబట్టండమ్మా" అన్నారు టెక్నీషియన్. ఆమె నొప్పిని ఓర్చుకుని, ఉన్న బలమంతా పెట్టి గుండెల నిండా పీల్చారు.

బొమ్మలు తెరమీదికి వచ్చాక, వాటిని చదివే రేడియాలజిస్టుగా నాకు మొదట కనిపించింది రెండు ఊపిరితిత్తుల కింది భాగాలకు వెళ్లే ధమనులు రెండూ బూడిదరంగులో ఉండటం. తొందరపడితే రెండువైపులా పెద్ద గడ్డలని రాసేయవచ్చు. కానీ అంత పెద్ద గడ్డలు రెండు పక్కలా ఒకే తీరుగా, ఒకే మోతాదులో ఉండటం అరుదు. పైగా ఆ బూడిదరంగుకు అంచు లేదు. పైనుంచి కిందికి తెలుపు మెల్లమెల్లగా పలచబడుతూ పోయింది. కొలిస్తే అక్కడ 95 ఉంది. ఇది గడ్డ విలువ కాదు, పలచబడిన మందుది. ప్రధాన ధమనిలోనే 140 మాత్రమే ఉంది. అయితే పై మహాసిర ధగధగలాడుతోంది, గుండె దాటి ముందుకు వెళ్లిన బృహద్ధమనిలో కూడా 240 ఉంది. ముందూ వెనుకా మందు పుష్కలంగా ఉండి, నడిమధ్యన మాత్రమే లేకపోవడమే ఇక్కడి గుట్టు.

కారణం ఆ గట్టి ఊపిరే. ఛాతీని ఒక్కసారిగా విప్పారిస్తే లోపలి పీడనం పడిపోతుంది, కిందికి దిగిన విభాజక పటలం పొట్టను నొక్కుతుంది. దాంతో కింది మహాసిరలో ఉన్న, మందు తగలని రక్తం గుండెలోకి ఎగదన్నుకు వస్తుంది. చేతి నుంచి వచ్చే తెల్లని రక్తంలో అది కలిసిపోయి, సరిగ్గా స్కాన్ తీసే క్షణంలో ఊపిరితిత్తుల ధమనులను పలచన చేస్తుంది. రోగి చెప్పినదాన్ని ఎంత శ్రద్ధగా పాటిస్తే బొమ్మ అంత చెడిపోతుంది. ఎక్కువ ఊపిరి తీయమంటే మంచి బొమ్మ వస్తుందన్న అలవాటు ఈ ఒక్క పరీక్షలో ఎదురు తిరుగుతుంది, అందుకే దీన్ని ఇంత వివరంగా రాస్తున్నాను.

మూత్రపిండాలు బాగున్నందున, రెండోసారి మందు ఎందుకు ఎక్కించాలో ఆమెకూ కొడుక్కూ చెప్పి ఒప్పించి, అరగంట తర్వాత మళ్లీ తీశాం. ఈసారి ముందే సాధన చేయించాం. "మామూలుగా ఊపిరి తీసుకుని అక్కడే ఆపండమ్మా, గట్టిగా పీల్చొద్దు" అని మాత్రమే చెప్పాం. ప్రధాన ధమనిలో 330 వచ్చింది. ఎడమవైపు పెద్ద కొమ్మలన్నీ చివరిదాకా తెల్లగా తేలాయి. మొదటి బొమ్మలో అక్కడ కనిపించిన గడ్డ అసలు లేనే లేదు.

కుడివైపు కథ వేరు. మామూలు ఛాతీ అమరికలో మందు మరీ తెల్లగా మెరిసి చిన్న గడ్డలను కప్పేస్తుంది కనుక, తెరమీద తెలుపు నలుపుల పరిధిని నిర్ణయించే విండో వెడల్పును 700కు, దాని మధ్యబిందువును 100కు మార్చి, ధమనిని గుండె దగ్గర పట్టుకుని ఒక్కొక్క ముక్క దిగుతూ వెళ్లాను. కుడి కింది భాగంలో వెన్నువైపు కొమ్మ దగ్గర ఆగాల్సి వచ్చింది. తెల్లని ఉంగరం మధ్యలో బూడిదరంగు చుక్క, దాని విలువ 48. అంచు గీత గీసినట్టు ఉంది. కింది ముక్కలోనూ, దాని కింది ముక్కలోనూ అది ఉంది. అదే కొమ్మను నిలువుగా కోసి చూస్తే రెండు తెల్లని గీతల నడుమ బూడిదరంగు పట్టీ, రైలు పట్టాల మధ్య నేలలా కనిపించింది. ఇంకా కిందికి పోతే ఉంగరం కూడా మాయమై, కొమ్మ మొత్తం మూసుకుపోయి, పక్క కొమ్మ కంటే ఉబ్బి ఉంది. కొత్త గడ్డ నాళాన్ని ఉబ్బిస్తుంది. నెలల నాటి పాత గడ్డయితే గోడకు ఒక పక్కన అతుక్కుని, నాళాన్ని కుంచింపజేస్తుంది. మొదటి బొమ్మలోని అబద్ధపు బూడిదరంగులో ఈ నిజమైన గడ్డ కలిసిపోయి దాగి ఉంది.

అయినా ఇంకొక అనుమానం తీర్చుకోవాలి. కఫంతో నిండిన శ్వాసనాళం కూడా ధమని పక్కనే నడుస్తూ ఇలాగే బూడిదరంగులో కనిపిస్తుంది. నాళాన్ని పట్టుకుని పైకి వెళ్తే, శ్వాసనాళమైతే గాలిగొట్టానికి, ధమని అయితే గుండెకు చేరుతుంది. ఇది గుండెకే చేరింది. ఆ కొమ్మ రక్తం అందించే చోట, ఊపిరితిత్తి పొరను ఆనుకుని ముక్కోణపు మచ్చ ఒకటి ఉంది. రక్తం అందక దెబ్బతిన్న ఆ భాగమే ఊపిరి పీల్చినప్పుడల్లా ఆమెను పొడిచిన నొప్పి.

చివరగా గుండె గదులను కొలిచాను. గడ్డ ఊపిరితిత్తుల దారిని ఎక్కువగా అడ్డుకుంటే కుడి జఠరిక ఉబ్బి ఎడమదాన్ని మించిపోతుంది. అలా జరిగితే చికిత్స చేసేవారు మరింత అప్రమత్తం కావాలి. ఈమెకు కుడి గది చిన్నదిగానే ఉంది, రక్తపోటు నిలకడగా ఉంది. గడ్డను కరిగించే తీవ్రమైన మందు అవసరం లేక, గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ సూదితో మొదలుపెట్టి, కనీసం మూడు నెలలు వాడాల్సిన మాత్రలకు మార్చారు.

రిపోర్టులో కుడి కింది కొమ్మలోని కొత్త గడ్డ గురించి, ముక్కోణపు మచ్చ గురించి, కుడి జఠరిక ఉబ్బలేదన్న సంగతి గురించి రాశాను. ఎడమవైపు అడుగున ఆమె ఊపిరి కాస్త కదిలినందువల్ల అతిచిన్న కొమ్మలు మసకగా ఉన్నాయి. అక్కడ గడ్డ ఉందని గానీ లేదని గానీ రాయలేదు, "ఈ భాగంలోని చిన్న కొమ్మలను నిర్ధారించలేము" అని విడిగా ఒక వాక్యం చేర్చి సంతకం చేశాను.