బోరు నీళ్ల ఊళ్లో నెలసరి లెక్క

ఒక నెలసరిలో సగటున పోయే రక్తం 30 నుంచి 40 మిల్లీలీటర్లు మాత్రమే. 80 దాటితే దాన్ని అధిక రక్తస్రావంగా పరిగణిస్తారు. అందుచేత ప్యాడ్ ఎంత పీలుస్తుందన్న ప్రశ్న కంటే, దేనిని పీలుస్తుందన్న ప్రశ్న ముఖ్యం. శానిటరీ ప్యాడ్‌లో చెక్కగుజ్జుతోపాటు ఉండే సోడియం పాలీయాక్రిలేట్ గుళికలు స్వచ్ఛమైన నీటిని తమ బరువుకు వందల రెట్లు పట్టుకుంటాయి. ఉప్పు కలిసిన నీటిని అందులో కొంతే పీలుస్తాయి, కణాలూ ప్రోటీన్లూ ఉన్న రక్తాన్ని ఇంకా తక్కువ. చాలాకాలం ఈ వస్తువులను ఉప్పునీటితోనే పరీక్షించారు. 2023లో అమెరికాలోని ఒరెగాన్ పరిశోధకులు నిజమైన రక్తంతో కొలిచినప్పుడు ప్యాడ్లు, యోనిలో అమర్చుకుని రక్తాన్ని పట్టే నెలసరి కప్పులు చాలావరకు 20 నుంచి 50 మిల్లీలీటర్ల మధ్యనే పట్టాయి.

బట్ట ప్యాడ్ సంగతి వేరు. దాని పీల్చుడు శక్తి ఉతికే నీటిని బట్టి మారుతుంది. అనంతపురం జిల్లాలో చాలా ఇళ్లకు దిక్కైన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. మామూలు సబ్బు వాటితో కలిసి కరగని తెల్లని తెట్టుగా మారి నూలు పోగుల మధ్య పేరుకుంటుంది. బట్ట శుభ్రంగానే కనిపిస్తుంది, కానీ పీల్చదు. తెలుసుకోవడం సులభం: ఎండిన ప్యాడ్ మీద ఒక నీటి చుక్క వేస్తే అది వెంటనే ఇంకాలి, ముత్యంలా నిలిచిందంటే తెట్టు పట్టినట్టే. సబ్బుకు బదులు డిటర్జెంట్ వాడి, బాగా జాడిస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. కంఫర్ట్ లాంటి బట్టలు మెత్తబరిచే ద్రవాలు మాత్రం వాడరాదు, అవీ ఇలాంటి పూతనే మిగులుస్తాయి.

ఇక ఖర్చు. ఏడాదికి 13 నెలసర్లు, అయిదేసి రోజులు, రోజుకు నాలుగు చొప్పున 260 ప్యాడ్లు కావాలి. ఒక్కొక్కటి ఆరు రూపాయలనుకుంటే 1,560 రూపాయలు. జన ఔషధి కేంద్రంలో దొరికే రూపాయి ప్యాడ్ అయితే 260. రెండు వందల చొప్పున ఎనిమిది బట్ట ప్యాడ్లు కొని మూడేళ్లు వాడితే ఏడాదికి సుమారు 533. కాబట్టి రూపాయి ప్యాడ్ అందుబాటులో ఉన్నచోట బట్ట ప్యాడ్ డబ్బు ఆదా చేయదు. చెత్త తగ్గించడానికో, చర్మం ఒరుసుకోకుండా ఉండడానికో ఎంచుకోవాలి. నాలుగు వందల రూపాయల నెలసరి కప్పు అయిదేళ్లు నిలిస్తే ఏడాదికి 80 రూపాయలే.

కొనేటప్పుడు వాడి పారేసే ప్యాడ్‌కు ఐఎస్ 5405, తిరిగి వాడే బట్ట ప్యాడ్‌కు ఐఎస్ 17514 ప్రమాణం చూడాలి. కప్పుకైతే మెడికల్ గ్రేడ్ సిలికోన్ అన్న మాటొక్కటే చాలదు, శరీరానికి హాని చేయదని తేల్చే ఐఎస్ఓ 10993 పరీక్షల ప్రస్తావన ఉందేమో చూడడం మేలు. గర్భాశయంలో కాపర్ టీ ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి, ఎందుకంటే కప్పును లాగేటప్పుడు అది కదలవచ్చు. కప్పును మరిగించే గిన్నెలోనూ బోరు నీళ్లు తెల్లటి పొర వదులుతాయి. అది సున్నం, వెనిగర్ కలిపిన నీళ్లలో కాసేపు నానబెట్టి కడిగితే పోతుంది.