లిఫ్టు దగ్గర హాయ్, వాట్సాప్‌లో హాయ్

మేనేజర్ లిఫ్టు దగ్గర ఎదురుపడి "హాయ్" అంటే మనమూ "హాయ్ అండీ" అనేసి, మన అంతస్తు రాగానే దిగిపోయి, ఆ సంగతే మర్చిపోతాం. అదే మనిషి రాత్రి తొమ్మిదిన్నరకి వాట్సాప్‌లో "హాయ్" అని పెట్టి ఊరుకుంటే మాత్రం తినే ముద్ద పక్కన పెట్టి, ఈ వారం ఏం తప్పు చేశామా అని వెనక్కి లెక్కలు వేసుకుంటాం. మొహం, గొంతు కనపడవు కాబట్టి అలా అనిపిస్తుందని చాలామంది చెప్పే జవాబు. అది నిజమే కానీ సగమే. మిగతా సగం గొంతుకి సంబంధించింది కాదు, అసలు ఆ మాట చేసే పనే మారిపోవడానికి సంబంధించింది. ముందు గొంతు సంగతి చూద్దాం.

గ్లాస్గో యూనివర్సిటీలో ఫిల్ మెక్‌అలీర్, ఆయన సహచరులు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. 64 మంది చేత ఒక ఫోన్ సంభాషణ లాంటిది చదివించి రికార్డు చేశారు, అందులోంచి "హలో" అన్న ఒక్క ముక్కే కత్తిరించారు. ఆ ముక్క నిడివి అర సెకను కూడా ఉండదు. దాన్ని 320 మందికి వినిపించి, ఈ గొంతు మనిషిని నమ్మొచ్చా, పెత్తనం చేసేలా ఉన్నాడా, కలుపుగోలుగా ఉన్నాడా అని మార్కులు వేయమన్నారు. మార్కులు ఎడాపెడా రాలేదు, విన్నవాళ్ళు చాలావరకు ఒకే మాట మీద ఉన్నారు. ఆ గొంతుల యజమానులు నిజంగా అలాంటి మనుషులేనా అంటే అది వేరే సంగతి, ఈ ప్రయోగం దాన్ని కొలవలేదు. మనకి కావాల్సిందల్లా ఒక్కటే: అర సెకనులోపు పలకరింపులోంచి అంత మంది ఒకే రకం అభిప్రాయం తీసుకోగలిగారంటే, అందులో మాట కాకుండా ఇంకేదో చాలానే ఉంది.

ఆ ఇంకేదో ఏమిటన్నది 2018లో పారిస్ పరిశోధకులు పట్టుకున్నారు. ఎమ్మాన్యుయేల్ పోన్సో, జాన్-జూలియన్ ఒకుచూరియే బృందం ఫ్రెంచి పలకరింపు "బోంజూర్"ని తీసుకుంది. ఒకే రికార్డింగును కంప్యూటర్లో వేసి, ఆ మాట పొడుగునా శ్రుతిని అక్కడ కాస్త పైకి, ఇక్కడ కాస్త కిందికి, ఏ లెక్కా లేకుండా మార్చి బోలెడు రకాలు తయారుచేశారు. వినేవాళ్ళకి రెండేసి చొప్పున వినిపించి, వీటిలో ఏది నమ్మదగ్గట్టుగా ఉందో చెప్పమన్నారు, మరికొందరిని ఏది పెత్తనంగా ఉందో చెప్పమన్నారు. ఇలా వందల జతలు అయ్యాక, ఎంచుకున్నవాటిలో ఉమ్మడిగా ఏముందని సగటు తీస్తే మనసులో ఉన్న బొమ్మ బయటపడింది. చివరికి వచ్చేసరికి శ్రుతి పైకి లేస్తే నమ్మకం, మొదటి నుంచి మెల్లగా కిందికి జారుతూ పోతే పెత్తనం. మాట మారలేదు, మాట్లాడిన మనిషీ మారలేదు, శ్రుతి వంపు ఒక్కటే మారింది.

నమ్మకం లేకపోతే ఇప్పుడే గదిలో ఎవరూ లేనప్పుడు అని చూడండి. ఒకసారి కనుబొమలు ఎత్తి, నవ్వుతూ, చివర కాస్త లేపి "హాయ్". ఇంకోసారి మొహంలో ఏమీ లేకుండా, పొట్టిగా, కిందికి దించేసి "హాయ్". రెండోది వింటే మనకే మన మీద కోపం వస్తుంది. పైగా మొదటిదాంట్లో నవ్వు చెవికి కూడా తెలుస్తుంది. నవ్వినప్పుడు పెదవులు పక్కలకి సాగి, గొంతు నుంచి పెదవుల దాకా ఉండే గొట్టం కొంచెం పొట్టిదవుతుంది, దాంతో అందులో మోగే ధ్వనులు పైస్థాయికి జరుగుతాయి. ఫోన్లో మొహం కనపడకపోయినా "ఏంటి, నవ్వుతున్నావా?" అని అడగగలిగేది అందుకే.

గొంతు కంటే ముందే జరిగేది ఇంకొకటి ఉంది. ఆడమ్ కెండన్, ఆండ్రూ ఫెర్బర్ అనే ఇద్దరు ఒక పుట్టినరోజు పార్టీకి వచ్చే అతిథులని ఫిల్ము తీసి, మనుషులు ఎలా పలకరించుకుంటారో దశలవారీగా 1973లో రాశారు. దూరంనుంచే చూపు కలుస్తుంది, చెయ్యో తలో ఊపుతారు, నడిచి వస్తున్నప్పుడు చూపు కాసేపు పక్కకి తిప్పుకుంటారు, మరీ దగ్గరకొచ్చాక మళ్ళీ మొహంలోకి చూసి నవ్వుతారు. మాటల పలకరింపు ఈ తతంగంలో ఆఖరికి వచ్చేది. అంటే నోటితో అన్న "హాయ్" పలకరింపు మొత్తం కాదు, అప్పటికే అయిపోయిన పలకరింపుకి వేసిన ముద్ర. లిఫ్టు దగ్గర మేనేజర్ హాయ్ అనేసరికి ఆయన మూడ్ ఎలా ఉందో, ఆయన మనకోసం రాలేదనీ, ఆయన కూడా పైకి వెళ్ళాలనీ మనకి తెలిసిపోయే ఉంటుంది.

ఇందులో చివరి ముక్కే నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. వాట్సాప్‌లో ఎవరూ దారిలో ఎదురుపడరు. ఒకరి నుంచి "హాయ్" వచ్చిందంటే వాళ్ళు ఫోన్ తీసి, మన పేరు వెతికి, తెరిచి, టైపు చేసి పంపారన్నమాట. అనుకోకుండా జరిగే అవకాశమే లేదు కాబట్టి కారణం ఏదో ఉండి తీరాలి, ఆ కారణం మాత్రం చెప్పలేదు.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఇమాన్యుయెల్ షెగ్లాఫ్ ఫోన్ సంభాషణలు ఎలా మొదలవుతాయో పరిశీలించి 1968లో ఒక వ్యాసం రాశాడు. ఫోన్ మోగడం, పేరు పెట్టి పిలవడం, భుజం తట్టడం, ఇవన్నీ ఆయన దృష్టిలో పిలుపులు. పిలుపుకో నియమం ఉంది: బదులు పలికినవాడు తన పని చేసేశాడు, ఇక పిలిచినవాడే ఎందుకు పిలిచాడో చెప్పాలి. మనింట్లోనూ అంతే. "ఏమండీ" అని కేకేసి, ఆయన పేపరు దించి "ఏంటి" అంటే "ఏం లేదు" అని చూడండి, ఆ రోజు గొడవ ఖాయం. పలకరింపుకి ఈ భారం లేదు. హాయ్‌కి హాయ్ అంటే లెక్క సరి, ఎవరి దారిన వాళ్ళు పోవచ్చు.

ఎదురుగా అన్న హాయ్ పలకరింపు. ఫోన్లో ఒంటరిగా వచ్చిన హాయ్ పిలుపు. అక్షరాలు అవే కావడంతో పంపినవాడు పలకరించాననుకుంటాడు, అందుకున్నవాడు పిలిచారనుకుంటాడు. నా లెక్కన ఈ గొడవంతా ఇక్కడే పుడుతోంది.

దీనికి టైము తోడవుతుంది. పది భాషల మాటలని పోల్చి 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఖాళీ సగటున సెకనులో అయిదో వంతు మాత్రమే అని తేలింది. నోటి మాటలో పిలుపుకీ కారణానికీ మధ్య కంగారు పడేంత సందే ఉండదు. చాట్‌లో మన మేనేజర్ గారి కథ చూడండి. 9:31కి "హాయ్". 9:32కి మనం "హాయ్ సర్, చెప్పండి". నీలం టిక్కులు వస్తాయి. "టైపింగ్" అని కనిపించి ఆగిపోతుంది. ఆయన ఈలోగా పిల్లాడికి హోంవర్కు చూపిస్తున్నాడో, ఇంకెవరి ఫోనో ఎత్తాడో మనకి తెలీదు. 9:44కి వస్తుంది: "రేపు మీటింగ్ పదికా, పదకొండుకా?" ఆయన వైపు నుంచి చూస్తే మర్యాదగా పలకరించి చిన్న విషయం అడిగాడు, అంతే. మన వైపు నుంచి పన్నెండు నిమిషాల విచారణ జరిగింది.

ఆ ఖాళీని మనం మంచితో కాకుండా చెడుతోనే ఎందుకు నింపుతామన్నదానికి క్రిస్టిన్ బైరన్ అనే పరిశోధకురాలు 2008లో ఒక వాదన చేశారు. ఈమెయిల్లో సంతోషంగా రాసింది మామూలుగా, మామూలుగా రాసింది విసుగ్గా అనిపించే ధోరణి ఉంటుందని ఆమె అన్నారు. సూచనలన్నీ పోయి ఒక మెట్టు కిందికి దిగినట్టు చదువుతాం. పంపింది పైఅధికారి అయితే ఇంకో మెట్టు, అది నా లెక్క.

మరి పంపేవాళ్ళకి ఇదంతా ఎందుకు తట్టదు? టైపు చేసేటప్పుడు వాళ్ళ తలలో వాళ్ళ గొంతు మోగుతూ ఉంటుంది కాబట్టి. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ వగైరాలు 2005లో ప్రచురించిన ప్రయోగాల్లో, విద్యార్థుల చేత కొన్ని వాక్యాలు సీరియస్‌గా, కొన్ని వెటకారంగా చెప్పించారు. ఒక పక్క గొంతుతో, ఇంకో పక్క ఈమెయిల్లో. అవతలివాళ్ళు ఏది వెటకారమో కనిపెట్టాలి. ఎలా పంపినా 78 శాతం దాకా సరిగ్గా పట్టుకుంటారని పంపినవాళ్ళు అంచనా వేశారు. గొంతు విన్నవాళ్ళు ఆ అంచనాకి దగ్గరగానే వచ్చారు. ఈమెయిల్ చదివినవాళ్ళు పట్టుకున్నది 56 శాతం, బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. మేనేజర్ తన "హాయ్"ని నవ్వుతూనే టైపు చేసి ఉండొచ్చు, ఆ నవ్వు ఆయన దగ్గరే ఉండిపోయింది.

అయితే ఫోన్లో వచ్చే ప్రతి హాయ్ చల్లగా ఉండదు. బింగ్‌హామ్టన్ యూనివర్సిటీలో సీలియా క్లిన్ బృందం, "ఓకే" లాంటి ఒక్కమాట జవాబు చివర ఫుల్‌స్టాప్ పెడితే మనస్ఫూర్తిగా అన్నట్టు అనిపించడం లేదని విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో చూసింది. చేత్తో రాసిన చీటీలో అదే చుక్క పెడితే తేడా రాలేదు. చుక్కలో విషం ఏమీ లేదన్నమాట. మెసేజీల్లో చుక్క పెట్టకపోవడమే అలవాటైపోయింది గనక, పెట్టినవాడు కావాలనే పెట్టాడనిపిస్తుంది. హాయ్ కూడా ఇంతే, మామూలుగా ఆ మనిషి ఎలా రాస్తాడన్నదానితో పోల్చి చదువుతాం. అమెరికాలో ఉన్న బాబాయ్ రోజూ పొద్దున్నే "హాయ్" అని పెడితే ఎవరికీ టెన్షన్ రాదు, ఆయన లేచాడని అర్థం. రోజూ "ఏరా, ఎక్కడ చచ్చావ్" అని మొదలెట్టే స్నేహితుడు ఒకరోజు మర్యాదగా "హాయ్" అన్నాడంటే మాత్రం వాడికి డబ్బు అవసరం పడింది, లేదా మనం ఏదో అన్నది వాడి చెవిన పడింది.

పక్కన నవ్వు మొహం పెడితే సరిపోతుందా అంటే కొంతవరకే. స్కాట్ ఫాల్‌మన్ 1982లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో `:-)` గుర్తుని సూచించింది జోకుని జోకుగా గుర్తుపట్టడానికే, ఆ పని అది బాగానే చేస్తుంది. కానీ గొంతులో నవ్వు చాలాసార్లు తెలియకుండానే వచ్చేస్తుంది, బొమ్మ నవ్వుని మాత్రం వేలితో ఎంచుకుని పెట్టాలి, ఆ తేడా చదివేవాడికి తెలుసు. పైగా అది పిలుపుని పలకరింపుగా మార్చలేదు, కారణం ఇంకా బాకీయే. బాకీ తీరేది కారణం కూడా అదే మెసేజీలో వస్తేనే: "హాయ్ అండీ, రేపు మీటింగ్ పదికా, పదకొండుకా? తొందరేం లేదు, పొద్దున చెప్పినా చాలు." ఇందులోనూ గొంతు లేదు, నవ్వు లేదు, కానీ ఎందుకు పిలిచారో తెలిసిపోయింది కాబట్టి దీని మొదట్లో ఉన్న హాయ్‌ని ఎవరూ అసలు పట్టించుకోరు.