బిగుసుకుపోయిన బల్బుకు సైకిల్ ట్యూబు ముక్క

కళింగపట్నం వైపు సముద్రానికి దగ్గరున్న ఇళ్లలో వరండా దీపాలకు ఈ ఇబ్బంది ఎక్కువ. గాజు డూమ్ లోపల స్క్రూ టైపు 60 వాట్ల పాత బల్బు ఉంటుంది. మార్చాలని తిప్పితే కదలదు. "వేడికి పట్టేసింది" అంటారు. అది సగమే నిజం.

బల్బు మూతి చాలావరకు అల్యూమినియం, హోల్డర్ లోపలి మర చాలాచోట్ల ఇత్తడి. వేడికి ఇత్తడి కన్నా అల్యూమినియం కొంచెం ఎక్కువ వ్యాకోచిస్తుంది. 27 మిల్లీమీటర్ల మూతి 100 డిగ్రీలు వేడెక్కితే ఆ తేడా మిల్లీమీటరులో సుమారు నూరో వంతు. చల్లారితే ఆ బిగువు పోవాలి. కానీ రోజూ వేడెక్కి చల్లారుతుంటే మెత్తని అల్యూమినియం మరల్లో ఒత్తుకుపోతుంది. ఉప్పుగాలి తేమకు రెండు లోహాల మధ్య తుప్పు తెల్లగా పేరుకుంటుంది. అసలు పట్టు దానిదే.

ముందు మెయిన్ లేదా ఆ లైను ఎంసీబీ ఆపాలి. గోడ స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు, కొన్ని ఇళ్లలో పొరపాటున స్విచ్‌ను న్యూట్రల్‌కు కలిపి ఉంటారు. తర్వాత అరగంట చల్లారనివ్వాలి.

ఇప్పుడు పట్టు సంగతి. బల్బు వదలడానికి దాని అంచు దగ్గర 7 కిలోల బరువంత బలంతో తిప్పాలనుకుందాం. దుమ్ము పట్టిన గాజు మీద వేళ్ల ఘర్షణ గుణకం 0.3 అయితే, జారకుండా ఉండాలంటే మొత్తం 23 కిలోల బరువంత గట్టిగా నొక్కాలి. పలచని గాజుకు అది ప్రమాదం. రబ్బరుతో గుణకం 0.9కి చేరితే 8 కిలోలు చాలు. కరెంటు ఆపేశాక రబ్బరు చేసే పని ఇదే: తక్కువ నొక్కుడుతో ఎక్కువ తిప్పనివ్వడం. వంటింటి రబ్బరు గ్లవ్ అయినా, జానెడు పాత సైకిల్ ట్యూబు అయినా సరే. ట్యూబు లోపల పౌడర్ ఉంటుంది, కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. గాజును కూడా పొడిగుడ్డతో తుడవాలి.

తిప్పేముందు స్కెచ్ పెన్‌తో గాజు మెడ మీద నుంచి మూతి అంచు దాకా ఒకే గీత గీయమని నేను గట్టిగా చెబుతాను. కళ్లకు అద్దాలు పెట్టుకుని, ట్యూబును గాజు చుట్టూ పరిచి, అరచేతినిండా పట్టుకోండి. కింద నుంచి చూసినప్పుడు గడియారం ముల్లుకు ఎదురు దిశలో, కుదుపు లేకుండా, నెమ్మదిగా బలం పెంచండి. కదలకపోతే ఒక్క వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పి మళ్లీ వెనక్కి రండి. తుప్పు పొర విరిగితే చిన్న కిర్రుమన్న చప్పుడు వస్తుంది, తర్వాత సులువు.

గీత మధ్యలో విడిపోతే వెంటనే ఆపాలి. గాజును మూతికి అతికించిన సిమెంటు వదిలేసిందని, మూతి ఇంకా కదల్లేదని అర్థం. ఇంకా తిప్పితే గాజు చేతిలోకి ఊడి వస్తుంది. అక్కడి నుంచి ఎలక్ట్రీషియన్ పని. నూనె స్ప్రేలు కొట్టకండి. అవి మంటకు అంటుకునేవి, పైగా గాజు మీద పడితే రబ్బరు పట్టు పోతుంది.

బల్బు వచ్చాక, కరెంటు ఆపే ఉంచి, హోల్డర్ మరలోని తెల్ల పొడిని పొడిగుడ్డతో తుడవండి. కొత్తది అడుగు తగిలేదాకా వేళ్లతో తిప్పి, ఆపైన కొద్దిగా మాత్రమే బిగించండి.