పార దెబ్బ పడని గోదా

ఇప్పుడు మీరు చూస్తున్నది పాతబస్తీలో కుస్తీ నేర్పే ఒక తాలీం. నడుమ కుస్తీ పట్టే గోదాలో మట్టి గట్టిపడి గచ్చులా అయిపోయింది, పైల్వాన్ గారు పార తీసుకుని ఒక్క దెబ్బ వేస్తే టంగుమంది, ఆయన మొహం చూడలేకపోయాం.

ఒకప్పుడు తెల్లారకముందే కుర్రాళ్లు వచ్చి ముందు గోదా తవ్వాలి, తర్వాతే దండీలు, బస్కీలు. రెండు మూడు రోజులు తవ్వకపోతే మట్టి బిగుసుకుపోతుంది, దానిమీద పడితే భుజం పోతుంది. అందుకే ఎర్రమట్టి జల్లెడ పట్టి రాళ్లు తీసేసి, నూనె, మజ్జిగ, పసుపు, కర్పూరం కలిపేవాళ్లు. మట్టి సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుందని అడిగితే, గుప్పిట్లో పట్టి నొక్కాలి బేటా, ముద్ద కావాలి, వేలు తగిలితే విడిపోవాలి అన్నారు. ఎండిపోతే దుమ్ము కళ్లల్లో పడుతుంది, తడి ఎక్కువైతే పట్టు జారిపోతుంది.

మరి ఇంత చేసిన తాలీం ఎందుకు ఖాళీ అయింది? పైల్వాన్ అంటే తిండి. పాలు, నెయ్యి, బాదం రోజూ కావాలి, నిజాం కాలంలో ఆ ఖర్చు చాలావరకు నవాబులు, జాగీర్దార్లు చూసుకునేవాళ్లు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, ఆ రద్దు జనానికి మంచిదే, కానీ పైల్వాన్లకి పాలు పోసే చెయ్యి మాత్రం ఆగిపోయింది.

రెండోది మ్యాట్, ఒలింపిక్స్ లాంటి పోటీలు మట్టిలో కాదు, దానిమీదే. నాకైతే అసలు దెబ్బ ఇదే అనిపిస్తుంది. మట్టిలో చిత్ చేస్తేనే గెలుపు, అంటే భుజాలు నేలకి తగలాలి. బోర్లా పడుకుని అవతలివాడు అలిసేదాకా ఓపిక పట్టొచ్చు, అదొక విద్య. మ్యాట్ మీద ఆ టైమ్ ఎక్కడిది, ఇప్పుడైతే 3 నిమిషాలవి రెండు రౌండ్లే, ఊరికే పడుకుంటే రిఫరీ ఊరుకోడు, అవతలివాడు వీపు నేల వైపు తిప్పేస్తే భుజాలు తగలకపోయినా 2 పాయింట్లు పోతాయి.

మహారాష్ట్ర కె.డి. జాదవ్‌నే చూడండి. మట్టిలో పెరిగిన మనిషి 1948లో లండన్ ఒలింపిక్స్‌కి వెళ్తే అక్కడ మ్యాట్, రూల్స్ రెండూ కొత్త, అయినా ఆరో స్థానం తెచ్చుకున్నాడు. తర్వాత నాలుగేళ్లు కష్టపడి 1952లో హెల్సింకీలో కాంస్యం కొట్టాడు, స్వతంత్ర భారతానికి మొదటి వ్యక్తిగత ఒలింపిక్ పతకం అదే. అంటే మట్టిలో నేర్చింది వృథా కాదు, కానీ దానిమీద మ్యాట్ కూడా నేర్చుకోవాలి, దానికి డబ్బు కావాలి, ఈ తాలీంకి మ్యాట్ ఎవరు కొనిస్తారు?

మేం కెమెరా సర్దుకుంటుంటే పైల్వాన్ గారు ఇందాక పగిలిన పెళ్లని నీళ్లతో తడిపి చిదిమి, గుప్పిట పట్టి నొక్కారు. ముద్ద అయింది. వేలితో తాకితే విడిపోయింది.